సమస్యాపూరణం: కోరస్ పైకి లేవడం లేదు, మొదటి పాదం పూరించండి

నిర్వాహకురాలు: చరణం ఇది.

చెరువున నీరిక అడుగున ఇంకెను
పొలమున నేలకు పడినవి నెర్రెలు

దీని తరువాత వచ్చే కోరస్‌లో రెండవ పాదం "వానా రావా మా ఊరికి రా". మొదటి పాదం పదహారు మాత్రలలో కావాలి. చరణం వరుస మధ్య షడ్జమంలో మొదలై "అడుగున" దగ్గర నిషాదాన్ని తాకుతుంది. మా గాయని తార రిషభం దాటి పాడలేదు. ఊరిలో పాడించినప్పుడు కోరస్ ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియలేదు.

చెరువుగట్టు: నా పూరణ:

తడుపుము నేలను చినుకుల ధారల

తార షడ్జమంలో ఎత్తుకుంటే చాలు, కోరస్ దానంతట అదే లేస్తుంది.

మాత్రాబలం: చెరువుగట్టు గారూ, ఎత్తు కావాలన్న మాట నిజమే, కానీ అది ఒక్కటే చాలదు. రాగం తీసివేసి, తాళం వేస్తూ చరణం వెంటనే మీ పాదాన్ని చదవండి. "చెరువున నీరిక", "తడుపుము నేలను" రెండింటిలోనూ నాలుగు లఘువుల తరువాత ఒక గురువు, రెండు లఘువులు ఉన్నాయి. పాదం చివరిదాకా ఇదే నడక. పైగా చరణంలోని నేలే మళ్ళీ వచ్చింది కనుక, ఇది చరణానికి మూడవ పాదంలా వినిపించి, కోరస్ "వానా" దగ్గర మొదలైన భ్రమ కలుగుతుంది. తార స్థాయిలో "పు", "ము", "కు" వంటి పెదవులు ముడుచుకునే పొట్టి అక్షరాలను నిలిపితే గొంతు బిగుసుకుంటుంది.

తంబూర: కీర్తనలో పల్లవి కిందనే ఉండి అనుపల్లవి పైకి వెళుతుంది కదా, కోరస్ ఎందుకు లేవాలి? నా కీర్తనలన్నీ అలాగే కట్టాను.

మాత్రాబలం: అక్కడ పల్లవి ముందు వచ్చి, మళ్ళీ మళ్ళీ చేరుకునే విశ్రాంతి స్థానమవుతుంది. ఈ పాటలో చరణమే ముందు వస్తున్నది, పిలుపు కోరస్‌లో ఉన్నది. నా పూరణ:

ఆకాశానా జాడేదమ్మా

అన్నీ గురువులే కనుక తాళం మారకుండానే నడక సగానికి తగ్గినట్టు తోస్తుంది. "కా", "శా" అక్షరాలను తార షడ్జమంలో నిలిపితే నోరు తెరుచుకునే ఉంటుంది. చరణం చెరువునూ పొలాన్నీ చూపించాక, ఇక్కడ నేరుగా వానతోనే మాట్లాడుతున్నాము.

నిర్వాహకురాలు: పాడి చూశాము. మాటలు లేచాయి కానీ వరుస ఇంకా చప్పగానే ఉన్నది.

మాత్రాబలం: మాటలు వదిలి వరుసను మాత్రం కూనిరాగంగా తీయండి. చరణం ముందే నిషాదం చూపించింది కనుక, షడ్జమం ఒక్క మెట్టు మాత్రమే పైన ఉన్నది. "అడుగున"ను పంచమం దగ్గరే ఆపండి; గాయని పరిమితి మారదు కనుక ఎడాన్ని కిందినుంచే సంపాదించాలి.

చెరువుగట్టు: అంగీకరిస్తున్నాను. అయితే రెండు పాదాలూ గురువులతో నిండితే రెండవసారి పాడేటప్పటికి బరువుగా అనిపించదా? "ఊరికి"లోని రెండు లఘువులు తప్ప ఊపిరాడే చోటే లేదు.

మాత్రాబలం: ఆ సందేహం నాకూ ఉన్నది. మొదటి అక్షరానికి ముందు ఒక దెబ్బ ఖాళీగా వదిలి చూడాలి.

నిర్వాహకురాలు: "అడుగున" దించి పాడించాను, తేడా స్పష్టంగా తెలిసింది. ఖాళీ దెబ్బతో ఇంకా పాడించలేదు.