మూడో నెల నిండకముందే మేనేజర్‌కి చెప్పేయాలా?

వేవిళ్లరాణి: నాకు 9 వారాలు. నెలలో పది రోజులు నైట్ షిఫ్ట్. మీటింగ్ మధ్యలో రెండుసార్లు వాంతికి లేచి వెళ్లాను. ఇంకో ఐదు వారాల్లో అప్రైజల్. మేనేజర్ ఒక్కరికే ఇప్పుడే చెప్పనా, 12 వారాల స్కాన్ దాకా ఆగనా?

గట్టిగింజ: ఆగండి. మూడో నెల నిండితే ఇక గర్భం పోయే ప్రమాదం ఉండదు, అప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు. పైగా కడుపుతో ఉన్న మనిషిని ఎవరూ ఉద్యోగంలోంచి తీయలేరు, చట్టం ఒప్పుకోదు. టెన్షన్ ఎందుకు?

మాజీ హెచ్‌ఆర్: గట్టిగింజ గారూ, ప్రమాదం బాగా తగ్గే మాట నిజమే, కానీ పూర్తిగా పోదు. బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్ 18 వారాల తర్వాతే వస్తుంది. ఇక చట్టం సంగతి. చాలాచోట్ల గర్భం కారణంగా తీసేయడాన్నే అది ఆపుతుంది, వేరే కారణం చూపించి తీసేస్తే వాదన మొదలవుతుంది. అప్పుడు మొదట వచ్చే ప్రశ్న, "ఆవిడ గర్భవతి అని ఆఫీసుకి ఎప్పుడు తెలిసింది?" అని. నోటితో చెప్పి ఊరుకుంటే దానికి జవాబు ఉండదు.

వేవిళ్లరాణి గారూ, 12 దాకా ఆగితే మీరు చెప్పేది అప్రైజల్‌కి సరిగ్గా రెండు వారాల ముందు. అంతకంటే ఇబ్బందైన సమయం లేదు. ఈలోపు మూడు వారాలు మీరు మీటింగుల్లోంచి లేచి వెళ్తూనే ఉంటారు, చూసేవాళ్లకి అది అశ్రద్ధలా కనబడుతుంది.

నేనైతే ఇలా చేస్తాను. ముందు, విషయం చెప్పకుండానే, ఇప్పటిదాకా చేసిన పని ఎలా ఉందో మేనేజర్‌ని మెయిల్‌లో అడుగుతాను. జవాబు వచ్చాక పావుగంట విడిగా మాట్లాడాలని అడుగుతాను. క్యాలెండర్‌లో "పని విషయం" అని పెడితే చాలు, ఆ ఇన్వైట్ టీమ్ అందరికీ కనబడొచ్చు. కూర్చున్నాక మొదటి మాటగా, "ఇది చెప్తే మీరు ఇంకెవరికైనా చెప్పాల్సి ఉంటుందా?" అని అడుగుతాను. కొన్ని సంస్థల్లో మేనేజర్ హెచ్‌ఆర్‌కి చెప్పి తీరాలి. అది ముందే తెలిస్తే మంచిది.

నిద్రమత్తు: సెలవు ఇప్పుడే అడుగుతున్నారా? తొందరేమో. మా ఆవిడ ఏడో నెలలో పెట్టింది, వెంటనే ఇచ్చారు.

మాజీ హెచ్‌ఆర్: సెలవు కాదండీ, కబురు. 36 వారాలకి ఆగాలనుకున్నా ఇంకా 27 వారాలుంది. తేదీ ఇప్పుడు చెప్పకూడదు కూడా, తర్వాత మార్చుకోవడం ఇబ్బంది. "సుమారు ఆరు నెలల తర్వాత సెలవు కావాలి, తేదీ తర్వాత చెప్తాను" అంటే చాలు. ఇప్పుడు అడగాల్సింది నైట్ షిఫ్ట్ గురించి. డాక్టర్ రాసిచ్చిన కాగితం తోడుంటే మేలు.

అదే రోజు నాలుగు ముక్కల మెయిల్ పెట్టండి: "ఈరోజు మాట్లాడుకున్నట్టు, నేను గర్భవతిని. ఇంకా టీమ్‌కి చెప్పలేదు, మీ దగ్గరే ఉంచండి. రాత్రి డ్యూటీ మార్చే విషయం చూస్తానన్నారు, ధన్యవాదాలు." సబ్జెక్టులో ఆ మాట రాయొద్దు. కొందరు మేనేజర్ల మెయిల్ సెక్రటరీ కూడా చూస్తుంటారు. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి, ఆఫీసు లాగిన్ పోయినరోజు అది తెరవలేరు.

ఒంటరిపావురం: నేను 8 వారాలప్పుడు ఒక్క మేనేజర్‌కే చెప్పాను. ఆయన మంచి మనసుతోనే, నా పని తగ్గిద్దామని ఇద్దరు లీడ్స్‌కి చెప్పారు. 11వ వారంలో పోయింది. వారం తర్వాత ఆఫీసుకి వెళ్తే ఆరుగురు "ఎన్నో నెల?" అని అడిగారు. ఆరుసార్లు చెప్పుకున్నాను. మెయిల్ ఉంటే ఏం లాభం అమ్మా, మనుషుల నోరు మెయిల్ వినదు.

మాజీ హెచ్‌ఆర్: దానికి నా దగ్గర జవాబు లేదండీ. ఒకటే అంటాను, అప్పుడు కూడా సెలవు కావాల్సివస్తుంది, ఎవరికీ తెలియకపోతే ఆ రోజే మొదట్నుంచీ చెప్పుకోవాలి.

ఒంటరిపావురం: ఒక్కరికే కదా చెప్పుకోవాలి. ఆరుగురికి కాదు.

టీమ్ లీడ్: మేనేజర్ వైపు నుంచి ఒక మాట. నాకు ముందు చెప్తే రోస్టర్ సర్దగలను. కానీ నైట్ షిఫ్ట్ మార్చినప్పుడు మిగతావాళ్లు "ఆవిడకే ఎందుకు?" అని అడుగుతారు. "వైద్య కారణం" అంటాను, సగంమంది ఊహించేస్తారు. రహస్యం అంటే పేరు బయటికి రాకపోవడం వరకే నా చేతిలో ఉంది.

గట్టిగింజ: అదే కదా నేనన్నది, ఆగమని!

వేవిళ్లరాణి: పని గురించి అడుగుతూ ఇందాకే మెయిల్ పెట్టాను. జవాబు రాగానే విడిగా మాట్లాడతాను. టీమ్ లీడ్ గారూ, నైట్ షిఫ్ట్ కాకుండా వారం పాటు ఇంటి నుంచి పని అడిగితే ఊహాగానాలు తక్కువ ఉంటాయా?

టీమ్ లీడ్: ఒక వారం అయితే ఎవరూ పట్టించుకోరు. మూడో వారానికి మళ్లీ మొదలు.