కాయిల్ -13కి పడినా గది చల్లబడదు: పెద్ద కంప్రెసర్ వేయాలన్న జవాబు సరైనదేనా?

మూడో_సెమ్:
ఫుడ్ ఇంజినీరింగ్ పాత పేపర్లో ప్రశ్న ఇది. పండ్ల కోల్డ్ స్టోరేజీ గది 0°C దగ్గర ఉండాలి. మొదట్లో గది వేడిని లాగే ఎవాపరేటర్ కాయిల్ -10°C దగ్గర నడిచేది. కొన్ని వారాలకు -13కి దిగింది, గది మాత్రం 2 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. కంప్రెసర్ ఆగకుండా నడుస్తోంది. కారణం రాసి, పరిష్కారం చెప్పమన్నారు. మోడల్ జవాబు "కంప్రెసర్ చాలడం లేదు, పెద్దది వేయాలి" అంటోంది. నాకు కుదరడం లేదు, మీరేమంటారు?

చలిగాలి:
మోడల్ జవాబు సరైనదే అనుకుంటాను. కంప్రెసర్ ఆగకుండా నడుస్తోందంటే దాని శక్తి అంతా అయిపోయినట్టే కదా. పెద్దది వేస్తే ఎక్కువ ఆవిరిని లాగుతుంది, కాయిల్ ఇంకా చల్లబడుతుంది. గదికీ కాయిల్‌కీ తేడా పెరిగితే వేడి ఎక్కువ వెళ్తుంది. ఇందులో అనుమానం ఎక్కడ?

పాతప్లాంటు:
చలిగాలి గారూ, చివరి రెండు వాక్యాలూ నిజమే. తేడా పెరిగితే కాయిల్ ఎక్కువ వేడి తీసుకుంటుంది. కానీ ఆ సగం దగ్గరే ఆగిపోయారు. కాయిల్ చల్లబడితే కంప్రెసర్ ఆవిరిని లాగే వైపు ఒత్తిడి, అంటే సక్షన్ ప్రెషర్, తగ్గుతుంది, ఆవిరి పలచబడుతుంది. అమ్మోనియా అయితే -5 దగ్గర కిలో ఆవిరికి సుమారు 0.35 ఘనపు మీటర్లు పడుతుంది, -10 దగ్గర 0.42 పడుతుంది. సిలిండర్ అదే, ప్రతి స్ట్రోకుకీ లోపలికి వచ్చే సరుకు ఆరో వంతు తగ్గిపోతుంది. అంటే కాయిల్ చల్లబడేకొద్దీ కాయిల్ ఎక్కువ ఇవ్వగలదు, కంప్రెసర్ తక్కువ మోయగలదు. ఈ రెండూ ఎక్కడ సమానమైతే ప్లాంటు అక్కడ నిలబడుతుంది. ఎవాపరేటర్ ఉష్ణోగ్రత మనం తిప్పే మీట కాదు, ఆ రెండింటి బేరం తేల్చిన లెక్క.

అంకెలు నేను వేసుకున్నవి, పద్ధతి కోసం. మంచి కాయిల్ ఒక డిగ్రీ తేడాకు 2 కిలోవాట్లు తీసుకుంటుందనుకోండి. కంప్రెసర్ -10 దగ్గర 20 కిలోవాట్లు మోస్తుంది, ఒక్కో డిగ్రీ కిందికి దిగితే 0.8 పోతుంది. గది 0 దగ్గర ఉంటే, -10 కాయిల్ 20 తీసుకుంటుంది, కంప్రెసర్ 20 మోస్తుంది. సరిపోయింది. గది లోడు 19 అనుకుంటే కంప్రెసర్‌కు కాస్త విశ్రాంతి కూడా దొరుకుతుంది.

ఇప్పుడు కాయిల్ శక్తి డిగ్రీకి 1.2కి పడిపోయిందనుకోండి. గది 2 దగ్గర, కాయిల్ -13 దగ్గర. తేడా 15, కాయిల్ తీసుకునేది 18. కంప్రెసర్ -13 దగ్గర మోసేది 17.6. దాదాపు కలిశాయి. ప్రశ్నలో చెప్పిన లక్షణాలే వచ్చేశాయి, కంప్రెసర్‌కు ఏ జబ్బూ లేకుండానే. సక్షన్ కిందికి పోయి, గది పైకి పోతే మొదట చూడాల్సింది కాయిల్‌నే. కంప్రెసర్ వాల్వులు అరిగిపోతే సక్షన్ పైకి లేస్తుంది. ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

మూడో_సెమ్:
పాతప్లాంటు గారూ, మరి పెద్ద కంప్రెసర్ వేస్తే ఏమవుతుందో కూడా లెక్క వేసి చూపిస్తారా? అదే కదా మోడల్ జవాబు.

పాతప్లాంటు:
నాలుగో వంతు పెద్దది వేద్దాం. -10 దగ్గర 25 మోస్తుంది, డిగ్రీకి 1 తగ్గుతుంది. కాయిల్ అదే 1.2. గది 0కి వస్తే కాయిల్ -16 దగ్గర 19.2 తీసుకుంటుంది, కంప్రెసర్ 19 మోస్తుంది. అంటే గది సున్నాకు వస్తుంది, అంతే, ఊపిరి పీల్చుకునే చోటు లేదు. చలిగాలి గారు చెప్పినట్టు పని చేస్తుంది, కానీ కాయిల్ ఎంత చల్లబడితే గది గాలిలోని తేమ అంత ఎక్కువగా దానిమీద మంచై పేరుకుంటుంది. మంచు పెరిగితే 1.2 కాస్తా 1 అవుతుంది. నాలుగు వారాల్లో మళ్లీ ఇదే ప్రశ్న. ఈలోగా పండ్లు ఎండిపోతాయి.

బేరింగుమోత:
నా అనుభవం చెప్తాను. మా మాంసం ఫ్రీజర్ గదిలోనూ అచ్చం ఇలాగే చల్లదనం తగ్గింది. చూస్తే కండెన్సర్ ట్యూబుల్లో పొలుసు పేరుకుంది. శుభ్రం చేయగానే గది దారిలోకి వచ్చింది. కాబట్టి మొదట కండెన్సర్ చూడండి.

పాతప్లాంటు:
మీ గదిలో అదే కారణం కావచ్చు. కానీ అప్పుడు గేజీలు ఏం చూపించాయో గుర్తుందా అన్నా? కండెన్సర్ మూసుకుపోతే కంప్రెసర్ ఆవిరిని బయటికి తోసే వైపు ఒత్తిడి, అంటే డిశ్చార్జ్ ప్రెషర్, పెరుగుతుంది, కంప్రెసర్‌కు పని ఎక్కువై సామర్థ్యం తగ్గుతుంది, అందువల్ల సక్షన్ సాధారణంగా కొంచెం పైకి వస్తుంది, కిందికి కాదు. కాయిల్ లాగిన 20 కిలోవాట్లకు కంప్రెసర్ ఖర్చు చేసిన 5 కలిపి 25 కండెన్సరే బయటికి పంపాలి. అది పంపలేకపోతే నొప్పి డిశ్చార్జ్ వైపు కనిపిస్తుంది. ఈ ప్రశ్నలో సక్షన్ వైపు కనిపిస్తోంది.

బేరింగుమోత:
డిశ్చార్జ్ గేజీ ఎక్కువే చూపించింది, నిజం. సక్షన్ మాత్రం చూడలేదు.

తడిచెయ్యి:
నేను కాయిళ్లు చూసే పని రోజూ చేస్తాను కాబట్టి ఇంకో మాట. కాయిల్ శక్తి పడిపోవడానికి ఒకే కారణం ఉండదు. మంచు కావచ్చు, ఫ్యాను ఆగి ఉండవచ్చు, ఎక్స్‌పాన్షన్ వాల్వు సరిగ్గా వదలకపోవచ్చు. మూడింటికీ సక్షన్ కిందికే పోతుంది. తేడా తెలిసేది కాయిల్ నుంచి బయటికి వచ్చే పైపు దగ్గర. మంచు పట్టినా, ఫ్యాను ఆగినా ద్రవం అక్కడిదాకా వస్తుంది, కాబట్టి సూపర్‌హీట్, అంటే ఆవిరి మరిగే ఉష్ణోగ్రత కన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందన్నది, మామూలుగా లేదా తక్కువగా ఉంటుంది, పైపు కంప్రెసర్ దాకా మంచుతో తెల్లగా ఉంటుంది. వాల్వు మూసుకుపోతేనో, వాయువు తగ్గితేనో ద్రవం కాయిల్ మధ్యలోనే అయిపోతుంది. అప్పుడు సూపర్‌హీట్ 15 డిగ్రీల దాకా లేస్తుంది. కాయిల్ మొదటి వరసల మీద మంచు, చివరి వరసలు మంచు లేకుండా ఉంటాయి.

నేను ఫ్యాను జాలీకి కాగితం ముక్క కట్టి ఉంచుతాను. గాలి బాగా వచ్చే కాయిల్ దగ్గర అది నిలువునా లేచి ఊగుతుంది. మంచు పట్టిన కాయిల్ దగ్గర వాలిపోతుంది. టార్చి వేసి రెక్కల మధ్య చూస్తే గాలి లోపలికి వెళ్లే వైపే మెత్తటి మంచు కనబడుతుంది, ఇటువైపు మాత్రం శుభ్రంగా ఉంటుంది. ముందునుంచి మాత్రమే చూసినవాళ్లు "మంచు లేదు" అని రాసిపోతారు.

చలిగాలి:
సరే, మంచే అనుకుందాం. మంచు కరిగించే డీఫ్రాస్ట్ గంటల లెక్కన పెడతారు కదా, మరి ఎందుకు పేరుకుంది?

తడిచెయ్యి:
తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఆ గంటలు చాలవు. ఎక్కువగా చూసేది ఇంకొకటి: మంచు కరుగుతుంది, కానీ డ్రెయిన్ పైపులో మళ్లీ గడ్డకడుతుంది, నీళ్లు ట్రేలోనే నిలిచి ఫ్యాను గాలికి కాయిల్ కిందికి చేరి గట్టి మంచవుతాయి. మెత్తటిది ఒక డీఫ్రాస్ట్‌తో పోతుంది, ఇది పోదు. అయితే ఊరికే డీఫ్రాస్ట్ సమయం పెంచితే ఆ వేడి అంతా గదిలోకే వస్తుంది. నేను ఫ్యాను మోటార్ కరెంటు చూసి డీఫ్రాస్ట్ మొదలుపెట్టడాన్ని ఇష్టపడతాను. పాతప్లాంటు గారు ఒప్పుకోకపోవచ్చు.

పాతప్లాంటు:
ఒప్పుకోను. అన్ని ఫ్యాన్లూ అలా మారవు, కొన్నిట్లో గాలి తగ్గితే కరెంటు కూడా తగ్గుతుంది. కాయిల్‌కు అటూ ఇటూ గాలి ఒత్తిడి తేడా చూడటం మంచిది.

మూడో_సెమ్ గారికి ఇంకొక్కటి. శాశ్వత పరిష్కారంగా కంప్రెసర్‌ను వదిలి కాయిల్‌ను పెద్దది చేయడం రాయండి. డిగ్రీకి 4 ఇచ్చేది అయితే పాత కంప్రెసర్‌తోనే -6 దగ్గర నిలబడి 23 కిలోవాట్లు ఇస్తుంది. తేడా తక్కువ కాబట్టి గదిలో తేమ నిలుస్తుంది. మామూలు ఫ్యాన్ కాయిల్‌తో 5 డిగ్రీల తేడాకు గది తేమ 90 శాతం దగ్గర, 9 డిగ్రీలకు 75 దగ్గర అని మేం లెక్క వేసుకుంటాం.

చలిగాలి:
కాయిల్ వైశాల్యం రెట్టింపు అయితే మంచు పట్టే చోటూ రెట్టింపే కదా? తేడా సగమైనా మొత్తం తేమ అంతే పోతుందేమో.

పాతప్లాంటు:
గట్టి ప్రశ్న. గది తేమ ఒకేలా ఉంచితే అంతే పోవచ్చు, నిజమే. కానీ పండ్లు అంత తేమను ఇవ్వలేవు, కాబట్టి గది తేమే పెరిగి సర్దుకుంటుంది. ఎంత పెరుగుతుందన్నది పండ్లు, ప్యాకింగు, తలుపు లీకు మీద ఆధారపడి ఉంటుంది, ఆ అంకెల్లేకుండా నేను చెప్పలేను.

మూడో_సెమ్:
ప్రశ్నలో సూపర్‌హీట్ ఇవ్వలేదు. అంటే మంచా, వాల్వా అని తేల్చలేను కదా?

తడిచెయ్యి:
తేల్చలేరు. రెండూ రాసి, సూపర్‌హీట్ కొలిచి వేరు చేస్తామని రాయండి. నేనైతే దానికే పూర్తి మార్కులు వేస్తాను. పేపర్ దిద్దేవారు వేస్తారో లేదో మాత్రం వారి చేతుల్లో ఉంది.