మొదటి చలికాలం: ఫోర్‌కాస్ట్ చూసి ఏ బట్టలు సర్దుకోవాలి?

కొత్త పక్షి:
అందరికీ నమస్కారం. నవంబర్ 24న చలి దేశానికి బయల్దేరుతున్నాను. 15 డిగ్రీల కంటే తక్కువ చలి ఇంతవరకు చూడలేదు. ఫోన్‌లో మొదటి వారం పగలు 4, రాత్రి మైనస్ 3 అని ఉంది. అదే యాప్‌లో జనవరి 15కి మైనస్ 2 అని చూపిస్తోంది. అంటే పెద్ద తేడా ఏమీ లేదు కదా? నా దగ్గర రెండు స్వెట్టర్లు, ఒక పల్చటి జాకెట్, నాలుగు జీన్స్ ఉన్నాయి. పొద్దున్నే 7:15కి బస్సు. ఇవి చాలా, ఇంకేమైనా కొనాలా?

రెండు సూట్‌కేసులు:
తమ్ముడూ, అక్కడ ఏమీ కొనకు, కోటూ బూట్లూ ఇక్కడికి వచ్చాకే కొనుక్కో. నేను వచ్చేటప్పుడు పరుపంత కోటు మోసుకొచ్చాను. సగం పెట్టె అదే మింగేసింది. తీరా చూస్తే నడుం దగ్గరే ఆగిపోయింది, గాలి కింది నుంచి దూరేది. పదిహేను రోజుల్లో ఇక్కడ ఇంకోటి కొన్నాను. బ్యాగ్ 23 కిలోలు దాటకూడదు, ఏ విమానమైనా ఇదే రూలు.

తొమ్మిదో అంతస్తు:
బయటి చలి సంగతి సరే, ఇంట్లో చలి గురించి ఎవరూ చెప్పరేం? నా మొదటి డిసెంబర్‌లో హీటర్ ఆగిపోయింది. ఓనర్‌కి ఫోన్ చేస్తే "పైపుల్లో గాలి పట్టింది, రేపు మనిషి వస్తాడు" అన్నాడు. ఆ రేపు పదకొండు రోజులకు వచ్చింది. గదిలో థర్మామీటర్ పెట్టి రోజూ పొద్దున, రాత్రి ఫోటో తీసి పంపేదాన్ని. 14, 13, మళ్లీ 14. ఆయన మాత్రం "కిటికీ సరిగా వేశారా అమ్మా?" అని అడిగేవాడు. ఆఖరికి వచ్చిన మనిషి ఒక వాల్వ్ తిప్పాడు, నాలుగు నిమిషాల పని. ఆ పదకొండు రోజులూ స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని పడుకున్నాను. ఇంట్లో 21 డిగ్రీలు ఉంచాలని చట్టమే ఉంది. కాబట్టి స్వెట్టర్లు ఎన్నుంటే అన్ని తెచ్చుకో.

లెక్కల మాస్టారు:
చట్టం ఊరిని బట్టి మారుతుందమ్మా, అన్నిచోట్లా 21 ఏమీ లేదు. హీటర్ పనిచేస్తే లోపల మందపాటి స్వెట్టర్‌లో చెమటలు పడతాయి కూడా. ఇక కొత్త అబ్బాయికి నా మాట: గాలికి ఒంటికి ఎంత చలి అనిపిస్తుందో చెప్పే "ఫీల్స్ లైక్" అని యాప్‌లో ఇంకో అంకె ఉంటుంది, దాన్ని పట్టించుకోకు. అది భయపెట్టే అంకె. గాలిలో 2 డిగ్రీలుంటే, ఎంత గాలి వీచినా మూత పెట్టిన గిన్నెలో నీళ్లు గడ్డకట్టవు. అసలు ఉష్ణోగ్రత చూసుకుని సర్దుకో, చాలు.

బస్‌స్టాప్ బాధితుడు:
మాస్టారూ, గిన్నె విషయంలో మీరు చెప్పింది నిజమే. కానీ గిన్నెకి ముక్కూ చెవులూ లేవు కదా. వీచే గాలి పొడి వస్తువులను చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా చేయలేదు, కానీ ఒంటి వేడిని మాత్రం తొందరగా లాగేస్తుంది.

తమ్ముడూ, నీ ప్రశ్నలోనే రెండు చిక్కులున్నాయి. మొదటిది, జనవరి 15 అంకె ఫోర్‌కాస్టే కాదు. వారం, పది రోజులు దాటాక యాప్ చూపించేది చాలావరకు పాత సంవత్సరాల సగటు. పైగా అది పగటి అంకెనా, రాత్రి అంకెనా అన్నది కూడా చూసుకోవాలి. నువ్వు వెళ్లే ఊరి వాతావరణ శాఖ పేజీలో 1991-2020 సగటులు దొరుకుతాయి. అందులో జనవరి "సగటు కనిష్ఠం" చూడు. ఉదాహరణకు అది మైనస్ 9 అనుకుందాం. సగటు కనుక దాదాపు సగం రాత్రులు అంతకంటే చల్లగా ఉంటాయి. ఒక్కో చలి వారంలో మైనస్ 18 వచ్చినా ఆశ్చర్యం లేదు. కోటు కొనాల్సింది ఆ వారం కోసం, దిగే వారం కోసం కాదు.

రెండోది, నువ్వు 4 చూస్తున్నావు. ఆ 4 మధ్యాహ్నం రెండింటికి. నువ్వు నిలబడేది 7:15కి, అప్పటికి దాదాపు రాత్రి కనిష్ఠమే. అందుకే గంటగంటకీ చూపించే పేజీ తెరిచి, నువ్వు బయట ఉండే గంట చూడు. అక్కడ మైనస్ 3, గాలి గంటకు 30 కిలోమీటర్లు అని ఉంటే, ఒంటికి తగిలేది మైనస్ 10. జనవరిలో మైనస్ 9, గాలి 20 అయితే మైనస్ 17. ఆ మైనస్ 18 వారంలో అదే గాలికి మైనస్ 28. అంకె అంత కిందికి దిగాక ఏమీ కప్పుకోని చర్మం అరగంటలోపే గడ్డకట్టే ప్రమాదం మొదలవుతుంది.

అయితే ఈ "ఫీల్స్ లైక్" కప్పుకోని చర్మానికి వేసిన లెక్క. గాలి దూరని కోటు లోపల ఒంటికి అంత వర్తించదు. అందుకే నేను ఒంటి మీద బట్టలకు మామూలు ఉష్ణోగ్రత, చెవులు, ముఖం, చేతులకు ఫీల్స్ లైక్ చూస్తాను. ఇంకోటి, నడిచేవాడికీ నిలబడేవాడికీ తేడా ఉంది. బస్సు కోసం పరుగెత్తి చెమట పట్టి, ఆ తర్వాత పన్నెండు నిమిషాలు నిలబడి చూడు. నా మొదటి చలికాలంలో లోపల కాటన్ బనీను ఉండేది. అది తడిసి వీపుకి అతుక్కుని మంచుగుడ్డలా అయింది. మీసం మీద ఊపిరి గడ్డకట్టి గీరుకుంటోంది. బస్సెక్కగానే కళ్లద్దాలు తెల్లబడి సీటు కూడా కనపడలేదు.

రెండు సూట్‌కేసులు:
ఇంతకీ ఏం సర్దుకోవాలో చెప్పలేదు అన్నా!

బస్‌స్టాప్ బాధితుడు:
వస్తున్నా. ఒంటికి అతుక్కునే థర్మల్స్ రెండు జతలు, కాటన్ కాకుండా ఉన్నివో పాలిస్టర్‌వో. దాని మీద ఒక ఫ్లీస్, అంటే మెత్తటి నూగున్న వెచ్చటి జాకెట్. చెవులు మూసే టోపీ, మెడకి ఏదైనా, గ్లవ్స్, మందపాటి సాక్సులు నాలుగు జతలు. నాలుగు జీన్స్ ఎందుకు? తడిస్తే ఆరవు, రెండు చాలు. నీ పల్చటి జాకెట్ గాలి ఆపుతుందా? అరచేతి మీద బిగించి గట్టిగా ఊది చూడు. ఊపిరి అవతలికి తగలకపోతే ఫ్లీస్ మీద వేసుకుని మొదటి వారం నెట్టుకురావచ్చు. తగిలితే మాత్రం దిగిన రోజునే కష్టం. పెద్ద కోటు, బూట్లు అక్కడ కొనమన్న మాట నాకూ నచ్చింది. కోటు తుంటి కిందికి దిగాలి, లోపల ఫ్లీస్ వేసుకుని చేతులెత్తితే పట్టేయకూడదు.

మంచుపిట్ట:
బూట్లు అక్కడ కొనడం ఒప్పుకోను. నేను దిగిన రోజు తడి మంచు, సున్నాకి అటూ ఇటూ. కాన్వాస్ బూట్లలో టాక్సీ దాకా వెళ్లేసరికి సాక్సులు పిండితే నీళ్లు. సున్నా దగ్గర తడి చలి మైనస్ 8 పొడి చలి కంటే ఘోరం. నీళ్లు దూరని బూట్లు కాళ్లకే వేసుకుని విమానం ఎక్కండి, బరువు లెక్కలోకి రాదు.

లెక్కల మాస్టారు:
బూట్ల మీద "మైనస్ 30 వరకు" అని రాస్తారు. అది నమ్మకండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది.

రెండు సూట్‌కేసులు:
ఇప్పుడు ఒప్పుకున్నారు మాస్టారూ, అన్ని అంకెలూ నమ్మకూడదని! అన్నట్టు 23 కిలోలు...

తొమ్మిదో అంతస్తు:
23 కిలోలు ఏ విమానమైనా కాదు. టికెట్ మీద ఏం రాసుందో చూసుకోవాలి. నాకు రెండు బ్యాగులు ఇచ్చారు.

కొత్త పక్షి:
జాకెట్‌కి ఊది చూశాను, ఊపిరి అవతలికి వచ్చేసింది. ఇప్పుడే గంటల పేజీ కూడా తెరిచాను. 25న 7 గంటలకు మైనస్ 2, గాలి 28 అని ఉంది. నాలుగు అనుకుని కూర్చున్నాను ఇన్నాళ్లూ. జీన్స్ రెండు తీసేశాను. బూట్ల సైజు ఎలా చూడాలి? నాది 8.

మంచుపిట్ట:
మందపాటి సాక్సు వేసుకుని చూడు. వేళ్లు ఆడాలి. బిగిస్తే వెచ్చదనం పోతుంది, రెండు సాక్సులు వేసినా ఉపయోగం లేదు. అర సైజు పెద్దది తీసుకో.

బస్‌స్టాప్ బాధితుడు:
కొందరికి ఒక సైజు పెద్దది కావాలి. నాకు అర సైజు చాలలేదు.