అప్‌డేట్: కింద మ్యాట్, పైన అక్రిలిక్

నా ప్రశ్న: "బెంగళూరు ఫ్లాట్‌లో కిచెన్ షట్టర్లన్నీ గ్లాసీ అక్రిలిక్ వేయించాలా, మ్యాట్ లామినేట్ సరిపోతుందా?"

సలహాలు ఇచ్చినవాళ్లకు థ్యాంక్స్. కింది యూనిట్లకు 1 మి.మీ. మ్యాట్ లామినేట్, పై షట్టర్లకు మాత్రమే అక్రిలిక్ ఖాయం చేశాం. కిందివాటిని రోజూ తుడవాలి, గిన్నెలు తగులుతుంటాయి. గ్లాసీ మీద సన్న గీతలు లైటు పడగానే బయటపడతాయి. మ్యాట్‌లో మరీ ముదురు రంగు వద్దనుకున్నాం, నూనె వేళ్ల ముద్రలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. లేత బూడిద రంగు తీసుకున్నాం.

అక్రిలిక్‌తో అసలు జాగ్రత్త వేరే ఉంది. అంచులకు అంటిన గమ్మును కార్పెంటర్లు అలవాటుగా థిన్నర్‌తో తుడిచేస్తారు. లామినేట్‌కు సాధారణంగా ఏమీ కాదు గానీ, అక్రిలిక్ మసకబారి, వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. పాలిష్ చేసినా పోవు. అందుకే పైనున్న ప్లాస్టిక్ పొరను హ్యాండిళ్ల డ్రిల్లింగ్ పూర్తయ్యాకే తీయించాం. తుడవడానికి సబ్బునీళ్లు, మెత్తని గుడ్డ చాలు.

వార్డ్‌రోబ్ పొడవాటి షట్టర్లకు లోపలివైపు కూడా లామినేట్ వేయించాం. ఒకవైపే అతికిస్తే పలక విల్లులా వంగి, తలుపు మూసినా సందు మిగులుతుంది.