అప్‌టైమ్ తప్పిన వెండర్‌కు నోటీసు: క్రెడిట్ కోరాలా, బిల్లులో తగ్గించుకోవాలా?

బెజవాడ ల్యాబ్: విజయవాడలో మా ల్యాబ్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్‌కు నెలకు 1,20,000 రూపాయలు చెల్లిస్తున్నాం. ఒప్పందం ప్రకారం నెలవారీ అప్‌టైమ్, అంటే సేవ అందుబాటులో ఉన్న సమయం, 99.5 శాతం కంటే తగ్గితే రుసుములో 5 శాతం, 99 కంటే తగ్గితే 10, 98 కంటే తగ్గితే 20 శాతం సర్వీస్ క్రెడిట్ రావాలి. నెల ముగిసిన 45 రోజుల్లో రాతపూర్వకంగా కోరాలి. జూన్‌లో 310, జూలైలో 520, ఆగస్టులో 1,010 నిమిషాలు సేవ ఆగిపోయింది. నేడు సెప్టెంబరు 10. ఈ నెల బిల్లులో మేమే తగ్గించుకుని మిగతాది చెల్లించవచ్చా?

కృష్ణాతీరం: నిస్సందేహంగా తగ్గించుకోండి. మాట తప్పినది వారు. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం నష్టపరిహారం పొందే హక్కు మీకుంది. మన డబ్బు మన చేతిలో ఉన్నప్పుడే మన మాట చెల్లుతుంది.

ఒప్పందాల పరిశీలకుడు: హక్కు ఉందన్నంత వరకు కృష్ణాతీరం గారు చెప్పింది నిజమే కానీ, బకాయిలో సర్దుబాటు చేసుకునే అధికారం ఒప్పందంలో రాసి లేనప్పుడు సొంతంగా కోత పెడితే, అప్పటి వరకు తప్పు చేసిన పక్షం వారైతే, ఆ రోజు నుంచి చెల్లింపు తప్పిన పక్షం మీరవుతారు. చెల్లింపు ఆగితే సేవ నిలిపివేసే నిబంధన చాలా ఒప్పందాల్లో ఉంటుంది, ల్యాబ్‌కు అది ప్రాణసంకటం. బిల్లు పూర్తిగా చెల్లించి, క్రెడిట్‌ను నోటీసు ద్వారా కోరండి.

జూలై గడువు సెప్టెంబరు 14తో ముగుస్తుంది, అంటే మీకు నాలుగు రోజులే ఉన్నాయి. జూలైలో 44,640 నిమిషాలుంటాయి కాబట్టి 520 నిమిషాల ఆటంకంతో అప్‌టైమ్ సుమారు 98.8 శాతం, క్రెడిట్ 12,000 రూపాయలు. ఆగస్టులో అది 97.7 శాతానికి పడిపోయింది కనుక 24,000 రూపాయలు రావాలి. అయితే ఆగస్టు లెక్కపైనే వెండర్ వాదిస్తారని నా అనుమానం. నిర్వహణ పనుల కోసం ముందే చెప్పి ఆపిన సమయం ఏమైనా ఉందా?

బెజవాడ ల్యాబ్: ఉందండి, 180 నిమిషాలు. 48 గంటల ముందు ఈమెయిల్ పంపాలని ఒప్పందంలో ఉంది. వారు మాత్రం అదే రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో తెలిపారు.

ఒప్పందాల పరిశీలకుడు: ఆ 180 నిమిషాలను మినహాయిస్తే అప్‌టైమ్ 98.1 శాతమై క్రెడిట్ సగానికి, అంటే 12,000కు తగ్గుతుంది. అందుకే ఆ వాట్సాప్ సందేశాన్ని తేదీ, సమయం కనిపించేలా భద్రపరచండి. ఇంకొక చిక్కు కూడా ఉంది. సర్వర్ నడుస్తూనే ఉంది, లాగిన్ మాత్రమే కాలేదు అని వారు అనవచ్చు. ఒప్పందంలో "అందుబాటు" అన్న మాటను ఎలా నిర్వచించారో చూసి, ప్రతి ఆటంకానికీ మీ ఫిర్యాదు సంఖ్యను, మొదలైన, ముగిసిన వేళలను జతచేయండి. వారి పర్యవేక్షణ నివేదికే ప్రమాణమని ఒప్పందం చెబుతుంటే, ఆ నివేదికను ఇదే నోటీసులో అడగండి.

నోటీసులో కీలక వాక్యాలు ఇలా ఉంటే చాలు: "జూలై, ఆగస్టు నెలల్లో మీ సేవ ఒప్పందంలో అంగీకరించిన అప్‌టైమ్‌ను చేరలేదు. జతచేసిన పట్టిక ప్రకారం మాకు రావలసిన 36,000 రూపాయల క్రెడిట్‌ను తదుపరి బిల్లులో సర్దుబాటు చేయవలసిందిగా కోరుతున్నాం. ఈ క్రెడిట్‌ను స్వీకరించినంత మాత్రాన ఒప్పందం కింద మాకున్న ఇతర హక్కులను వదులుకున్నట్లు కాదు." దీనిని ఒప్పందంలో నోటీసుల కోసం పేర్కొన్న చిరునామాకు, అక్కడ చెప్పిన పద్ధతిలోనే పంపాలి. మీ ఖాతా చూసే ఉద్యోగికి పంపిన ఈమెయిల్ నోటీసుగా చెల్లకపోవచ్చు.

నిజామాబాద్ వ్యాపారి: మా దుకాణంలో ఇంటర్నెట్ రెండు రోజులు పోయినప్పుడు అమ్మకాల నష్టం అడిగితే ఒక్క రూపాయి రాలేదు. మీరు రోగులు వెళ్లిపోయిన నష్టాన్నీ కలిపి అడగండి.

ఒప్పందాల పరిశీలకుడు: అది వేరే కోరిక. ఆటంకానికి క్రెడిటే ఏకైక పరిహారమని ఒప్పందంలో ఉంటే రోగుల నష్టం అడగడం కష్టం. లేకపోయినా, క్రెడిట్ నోటీసులో దానిని కలిపితే సూటిగా తేలే లెక్క కూడా వివాదంలో పడుతుంది.

వరంగల్ ఆడిటర్: సేవ లోపించినందుకు బిల్లు విలువ తగ్గిస్తున్నారు కనుక, వెండర్ జీఎస్టీ చట్టం 34వ సెక్షన్ కింద క్రెడిట్ నోట్ ఇవ్వవచ్చు. అది అందాక, ఆ బిల్లుపై కట్టిన జీఎస్టీకి మీరు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని ఉంటే ఆ మేరకు రివర్స్ చేయాలి. మీరే బిల్లులో కోసుకుంటే ఇరువురి పుస్తకాలు సరిపోలవు.

బెజవాడ ల్యాబ్: నోటీసు రేపే పంపుతాను. జూన్ గడువు ఆగస్టు 14నే ముగిసింది, కానీ జూలైలోనే ఈమెయిల్‌లో "పరిహారం ఏమిటి" అని అడిగి ఉన్నాం.

కృష్ణాతీరం: అది రాతపూర్వక కోరికే. 6,000 రూపాయలూ కలపండి.

ఒప్పందాల పరిశీలకుడు: నాకు అంత నమ్మకం లేదు. ఆ ఈమెయిల్‌లో క్రెడిట్ అన్న మాట గానీ, లెక్క గానీ లేవు. జూన్ మొత్తాన్ని వేరే పేరాలో అడగండి, వారు కాదన్నా మిగతా రెండు నెలల కోరికకు దెబ్బ తగలదు. వరుసగా మూడు నెలలు విఫలమైతే ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీకుంటే, క్రెడిట్ గడువు దాటినా జూన్ వైఫల్యం ఆ లెక్కలోకి వస్తుందని నా అభిప్రాయం. ఆ నిబంధన పాఠం ఇక్కడ పెట్టగలరా?