అప్‌డేట్: సభలో మాటలు మరచిపోయే కల తగ్గింది

నా ప్రశ్న: “నిండు సభలో మైకు ముందు నిలబడగానే ఒక్క మాటా గుర్తురానట్లు పదే పదే కల వస్తోంది. ఏం చేయాలి?”

సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. సైకాలజిస్టును కలవమన్న సలహా ఫలించింది. కొన్ని రక్తపోటు మందుల వల్ల కూడా పీడకలలు వస్తాయి కనుక, ఆవిడ ముందుగా నేను వాడే మందుల గురించి అడిగారు. నా విషయంలో అది కారణం కాదు. తరువాత ‘ఇమేజరీ రిహార్సల్ థెరపీ’ నేర్పించారు. మెలకువగా ఉన్నప్పుడు కలను కాగితంపై రాసి, మనకు నచ్చినట్లు మార్చి, మార్చిన కలను మాత్రమే రోజూ 10 నుంచి 20 నిమిషాలు కళ్లు మూసుకొని ఊహించుకోవాలి.

నా కలలో చేతిలోని కాగితాలపై అక్షరాలు మాయమయ్యేవి. మార్చిన కలలో నేను ఆ కాగితాలను బల్లపై బోర్లించి, నీళ్లు తాగి, ముందు వరుసలోని పెద్దాయనను “మీది ఏ ఊరండీ?” అని అడుగుతాను. కొత్త కలలో అనర్గళంగా ప్రసంగించి చప్పట్లు అందుకోవలసిన పని లేదని ఆవిడ చెప్పడం నాకెంతో ఊరటనిచ్చింది.

కొన్ని వారాలకు ఆ కల అరుదైంది. వచ్చినా ఉలిక్కిపడి లేవడం లేదు. పడుకునే దిక్కు మార్చడం, రాత్రి అన్నం మానేయడం వల్ల మాత్రం తేడా ఏమీ కనిపించలేదు.