కారు లాంటి రోబోట్‌లో ప్యూర్ పర్స్యూట్: తిన్నటి దారిలో పాము నడక, మలుపులో లోపలికి కోత

వీల్‌బేస్33
1/10 సైజు కారు. వీల్‌బేస్ L 0.33 మీ, స్టీరింగ్ రెండు వైపులా 24 డిగ్రీల వరకు తిరుగుతుంది. వేగం సెకనుకు 3 మీటర్లు. దారి మీద ముందున్న లక్ష్య బిందువు వైపు తిప్పే ప్యూర్ పర్స్యూట్ వాడుతున్నాను. ఆ బిందువు ఎంత దూరంలో ఉండాలో చెప్పే లుకహెడ్ Ld 0.6 మీ పెడితే తిన్నటి దారిలోనే పాములా ఊగుతోంది. 2 మీ పెడితే ఊగడం పోయింది కానీ మలుపులో లోపలి గోడను రాసుకుంటూ పోతోంది. మధ్యలో ఏ విలువ పెట్టాలి?

```
alpha = atan2(ty, tx)
delta = atan2(2 * L * sin(alpha), Ld)
delta = clip(delta, -0.419, 0.419)
```

గుండ్రాయి
ఊగితే పెంచు, కోస్తే తగ్గించు, అంతే. లుకహెడ్ ఎక్కువైతే వంపులో కారు ఎప్పుడూ లోపలికే జరుగుతుంది.

లూప్‌టైమ్
గుండ్రాయి గారు చెప్పినదాంట్లో సగమే సరి. దారి ఒకే వ్యాసార్థం ఉన్న వలయమైతే, దాని మీదే ఉన్న కారుకు ఫార్ములా ఇచ్చే చాపం ఆ వలయమే, లుకహెడ్ ఎంతైనా సరే. కోత పడేది తిన్నటి దారి వంపులోకి మారే చోట. లక్ష్య బిందువు ముందే వంపులోకి వెళ్లిపోతుంది కాబట్టి కారు తొందరపడి తిరుగుతుంది.

ఇక ఊగడం సంగతి. చిన్న కోణాలకు లెక్క వేస్తే తిన్నటి దారిలో డ్యాంపింగ్ దాదాపు 0.7 వస్తుంది, Ld ఎంత పెట్టినా అంతే. అంటే కాగితం మీద ఈ కారు ఊగకూడదు. ఊపుతున్నది ఆలస్యం: లోకలైజేషన్, లూప్, సర్వో, అన్నీ కలిపి. ఆ ఆలస్యం τ అనుకుంటే, Ld సుమారు 1.9·v·τ కంటే తగ్గితే ఊపు ఆగదు. మీ τ 0.1 సెకను అనుకుందాం: 1.9 × 3 × 0.1 = 0.57 మీ. మీరు పెట్టిన 0.6 సరిగ్గా అంచు మీద ఉంది! దానికి రెట్టింపు, అంటే 4·v·τ, 1.2 మీ దగ్గర మొదలుపెట్టండి.

వీల్‌బేస్33
τ కొలవడం ఎలా?

లూప్‌టైమ్
కారు మెల్లగా నడుస్తుండగా స్టీరింగ్‌కు ఒక్కసారిగా 10 డిగ్రీల కమాండ్ ఇచ్చి, కమాండ్‌నూ ఐఎంయూ యా రేటునూ బ్యాగ్‌లో రికార్డ్ చేయండి. రెండు గీతల మధ్య ఎడం సర్వో వైపు ఆలస్యం. పోజ్ టైమ్‌స్టాంప్‌కూ, దాన్ని మీ నోడ్ వాడే సమయానికీ ఉన్న తేడా దానికి కలపండి.

తోటబండి
నాది రెండు చక్రాల డ్రైవ్. నావ్2లో `use_rotate_to_heading` ఆన్ చేస్తే మూలల్లో నిలబడి తిరిగి వెళ్తోంది, కోతే లేదు. అది పెట్టి చూడండి.

లూప్‌టైమ్
ఉన్నచోటే తిరగగలిగే బండికి సరే. కారుకు అది `false` ఉండాలి, లేకపోతే ముందుకు కదలకుండా తిరగమని ఆదేశం వస్తుంది, కారు ఆగిపోతుంది.

స్టీరింగ్_సుబ్బు
అసలు ఆ మలుపు వ్యాసార్థం ఎంత? 24 డిగ్రీలకు ఈ కారు తిరగగల అతి చిన్న వ్యాసార్థం 0.33 / tan 24° = 0.74 మీ. దారిలో 0.6 మీ వంపు ఉంటే ఏ లుకహెడ్ పెట్టినా వెడల్పుగా బయటికి పోతుంది. 1 మీ వంపుకు 18 డిగ్రీలు చాలు, మిగతా 6 సరిదిద్దుకోవడానికి ఉంటాయి.

లిమిట్ తగులుతోందా అన్నది తెలుసుకోవడం తేలిక. క్లిప్‌కు ముందున్న డెల్టానూ తర్వాతి డెల్టానూ రెండూ ప్లాట్ చేయండి. రెండోది 0.419 దగ్గర బల్లపరుపుగా ఉంటే తగిలినట్టే. Ld 0.6 ఉన్నప్పుడు లక్ష్య బిందువు పక్కకు 24 సెం.మీ ఉంటే చాలు, స్టీరింగ్ చివరికి కొట్టుకుంటుంది. 1.2 ఉంటే 97 సెం.మీ దాకా ఆగుతుంది.

వీల్‌బేస్33
మలుపు 1 మీ. కొలిస్తే τ 0.1 దగ్గరే వచ్చింది. 1.2 పెట్టాక ఊగడం లేదు, కోత తగ్గింది కానీ పోలేదు. పైగా తిన్నటి దారిలో ఎప్పుడూ 4 సెం.మీ ఎడమకే నడుస్తోంది.

స్టీరింగ్_సుబ్బు
4 సెం.మీ సర్వో ట్రిమ్ తప్పు అయ్యుండొచ్చు. ట్రిమ్ ఒక డిగ్రీ పక్కకుంటే తప్పు = 0.0175·Ld²/(2L). 1.2కు 4 సెం.మీ, 2కు 10 సెం.మీ పైనే. వర్గం చూశారుగా, లుకహెడ్ పెంచితే ఈ చిన్న తప్పే పెద్దదవుతుంది. కమాండ్ సున్నా పెట్టి 5 మీ తోలి, పక్కకు ఎంత జరిగిందో చూసి ట్రిమ్ సరిచేయండి.

లూప్‌టైమ్
మిగిలిన కోతకు లుకహెడ్‌ను వేగానికి కట్టండి: Ld = 0.4·v, కనీసం 0.5. మలుపుకు ముందే 1.5 మీ/సెకు తగ్గితే Ld దానంతట అదే 0.6 అవుతుంది. ఆలస్యానికి ఉన్న వెసులుబాటు మారదు, ఎందుకంటే Ld/v అంతే ఉంది. v మాత్రం కొలిచిన వేగం కావాలి; కమాండ్ వేగం వాడితే అది పడగానే Ld దూకి, స్టీరింగ్ ఝడుసుకుంటుంది.

గుండ్రాయి
బ్రేక్ ఎక్కడ వేయాలో లుకహెడ్ చెప్పదుగా. దారి పాయింట్లలోనే వేగం రాసిపెట్టాలి. మరి వంపు చూసి కూడా Ld మార్చాలా?

లూప్‌టైమ్
మారుస్తారు. కానీ వంపును పాయింట్ల నుంచి లెక్కిస్తే చాలా గరుకుగా వస్తుంది, ఆ గరుకుతనమంతా స్టీరింగ్‌కే చేరుతుంది. ముందు వేగంతోనే ప్రయత్నించమంటాను.

వీల్‌బేస్33
ట్రిమ్ 1 డిగ్రీ దగ్గరే తేలింది. వేగంతో కట్టి, రేపు అదే ట్రాక్ మీద ప్లాట్ పెడతాను. ఇంకో మాట: నా పోజ్ లైడార్ దగ్గరిది, వెనక ఇరుసుది కాదు. తేడా ఉంటుందా?

స్టీరింగ్_సుబ్బు
ఉంటుంది! ఫార్ములా వెనక ఇరుసు మధ్యనుంచే. `alpha`, `Ld` రెండూ అక్కడి నుంచి కొలవండి. లైడార్ ముందుకెంత ఉందో అంత మేర మీ లుకహెడ్ లెక్క తప్పుతోంది. అది సరిచేశాక 0.4 అంకెను మళ్లీ చూసుకోవాల్సి రావచ్చు.